తొంభై లక్షల దగ్గర

ఇరవై రెండేళ్లుగా నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతున్నాను. ఆ జీతంతో ఇల్లు గడుస్తుందని మా యాజమాన్యానికి గట్టి నమ్మకం. నాకు అంత నమ్మకం లేదు కాబట్టి, కాలేజీ అయిపోయాక ఒక రైసు మిల్లుకు లెక్కలు చూస్తాను.

ఏటా మూడో సంవత్సరం పిల్లలకు బోర్డు మీద ఒక లెక్క చేయిస్తాను. ఒక కంపెనీకి డబ్బు కావాలి. దారులు రెండు. అప్పు తెస్తే, లాభం వచ్చినా రాకున్నా వడ్డీ కట్టాలి, కానీ మిగిలిన లాభాన్ని పాత వాటాదారులే పంచుకుంటారు. కొత్త షేర్లు అమ్మితే వడ్డీ ఉండదు, కానీ పంక్తిలో ఇంకో నలుగురు కూర్చుంటారు. సంపాదన తక్కువైతే షేర్లు నయం, ఎక్కువైతే అప్పు నయం. మధ్యలో ఎక్కడో ఒక అంకె ఉంటుంది. వడ్డీకీ పన్నుకూ ముందు లాభం సరిగ్గా అంతే వస్తే, ఏ దారిన పోయినా షేరుకు దక్కేది ఒకటే. పుస్తకం దాన్ని తటస్థ బిందువు అంటుంది. దాన్ని కనిపెట్టి, అనుకుంటున్న లాభం దానికి పైనుందో కిందుందో చూసి జవాబు రాస్తే ఎనిమిది మార్కులు.

వడ్డీకీ పన్నుకూ ముందు లాభం ఎంతో ప్రశ్నలోనే ఇస్తారు. అది ఎక్కడి నుంచి వచ్చిందని ఇరవై రెండేళ్లలో ఒక్క విద్యార్థీ అడగలేదు. నేనూ అడగలేదు. మా మధ్య ఆ మర్యాద ఉంది.

మిల్లు ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద ఉంది. అన్నదమ్ములు ఇద్దరు పెట్టిన ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. తమ్ముడు నా క్లాస్‌మేటు. డిగ్రీలో నా పక్క బెంచీ మీద కూర్చుని నా జవాబులు చూసి రాసి, నాకన్నా నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నవాడు. ఆరేళ్ల కింద గుండె ఆగి పోయాడు. అతని షేర్లు భార్య పేరు మీదకు వచ్చాయి. నేను ఆమెను చెల్లె అంటాను, ఆమె నన్ను అన్నా అంటుంది. ఎల్లారెడ్డిలో ఇంటి ముందే పిండి గిర్ని నడుపుకుంటూ, మూడెకరాల చేను చూసుకుంటూ ఉంటుంది. మొత్తం లక్ష షేర్లలో ముప్పై వేలు ఆమెవి. మిగతా డెబ్బై వేలు పెద్దాయనవి, ఆయన భార్యవి. పెద్దాయన అంటే మిల్లు ఓనరు. పల్లెలో పుట్టి, పొలం అమ్మి మిల్లు పెట్టిన మనిషి. నన్ను సారూ అని పిలుస్తాడు. ఆ పిలుపులో గౌరవం పాలు ఎంతో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

ఆ ఏడు మిల్లుకు రెండు కోట్లు కావలసి వచ్చాయి. కొత్త డ్రయ్యరు, రంగు మారిన గింజను ఏరేసే సార్టెక్సు యంత్రం. అవి లేని మిల్లు బియ్యాన్ని కొనేవాళ్లు తగ్గిపోతున్నారు. బ్యాంకు పన్నెండు శాతానికి ఇస్తానంది. ఇవ్వాలంటే పెద్దాయన ఇంటితో పాటు చెల్లె మూడెకరాలు కూడా జామీను పెట్టమంది. రెండో దారి దుబాయి ఆయన. పిట్లం వైపు మనిషి, ఇరవై ఏళ్లు అక్కడ గోదాములు చూసి వచ్చాడు. షేరు నాలుగు వందల చొప్పున యాభై వేల కొత్త షేర్లు కొంటానన్నాడు. అదీ సరిగ్గా రెండు కోట్లే.

పెద్దాయనకు షేర్లే ఇష్టం. కారణం ఉంది. పదేళ్ల కింద ఒక ఏడు వానలు లేక వడ్లు రాలేదు, మిల్లు ఆరు నెలలే నడిచింది. అప్పుడు బ్యాంకు అధికారి ఒకాయన మూడు రోజులు వరుసగా మిల్లు ఆఫీసులో కూర్చుని, ఏమీ అనకుండా చాయ్ తాగి పోయాడు. పెద్దాయన ఆ తర్వాత చాయ్ మానేశాడు.

చెల్లెకు షేర్లు ఇష్టం లేదు. దానికీ కారణం ఉంది, అది నేను చెప్పిందే. బయటివాళ్లకు కొత్త షేర్లు ఇవ్వడం లాంటి పెద్ద పనులకు నూటికి డెబ్బై ఐదు ఓట్లు కావాలి. ఇప్పుడు ఆమెకు ముప్పై వంతులు ఉన్నాయి, కాబట్టి ఆమె కాదంటే ఆ పని కాదు. యాభై వేలు కొత్తవి వస్తే మొత్తం లక్షన్నర అవుతుంది. అందులో ముప్పై వేలంటే ఇరవై వంతులే. ఆ తర్వాత ఆమె కాదన్నా అవునన్నా మీటింగు చాయ్ బిస్కెట్లతో ముగుస్తుంది. మిల్లును అమ్మినా, ఇంకో కంపెనీలో కలిపినా, ఆమెకు ఉత్తరం మాత్రం వస్తుంది.

ఇద్దరూ ఎటూ ఒప్పుకోకపోతే పెద్దాయనే ఒక మాట అన్నాడు. సారు కాయితం రాస్తడు, షేరుకు ఏదాంట్ల ఎక్కువొస్తే దానికే పోదాం అని. చెల్లె సరే అంది. మాట ఇచ్చింది. ఆ విధంగా నా బోర్డు లెక్క మీద ఒక మనిషి హక్కు ఆధారపడింది. నాకు ఆ వారం నిద్ర కొంచెం తగ్గింది. వయసు అనుకున్నాను.

కాయితం రాశాను. మిల్లులో ఇంటివాళ్ల డిపాజిట్లు కోటి రూపాయలున్నాయి. నూటికి నెలకు రూపాయిన్నర మిత్తి, అంటే ఏడాదికి పద్దెనిమిది లక్షలు. ఏ దారిన పోయినా ఆ పాత మిత్తి తప్పదు. అప్పు తెస్తే దాని మీద కొత్త వడ్డీ ఇరవై నాలుగు లక్షలు. పన్ను నాలుగో వంతు అనుకున్నాను. అది రెండు వైపులా ఒకటే కాబట్టి లెక్కలో కొట్టుకుపోతుంది. ప్రభుత్వం ఎవరి పక్షమూ వహించని ఏకైక చోటు అదేనని పిల్లలకు చెబుతుంటాను. వచ్చిన తటస్థ బిందువు తొంభై లక్షలు. లాభం సరిగ్గా తొంభై అయితే, అప్పు దారిలో నలభై రెండు వడ్డీ పోను నలభై ఎనిమిది, పన్ను పోను ముప్పై ఆరు, లక్ష షేర్లకు షేరుకు ముప్పై ఆరు రూపాయలు. షేర్ల దారిలో పద్దెనిమిది పోను డెబ్బై రెండు, పన్ను పోను యాభై నాలుగు, లక్షన్నర షేర్లకు మళ్లీ ముప్పై ఆరే.

ఇక రాబోయే లాభం ఎంతన్నదే మిగిలింది. కొత్త యంత్రాలు వచ్చాక నెలకు పదిహేను లక్షలు మిగులుతాయనీ, ఏడాదిలో పది నెలలు నడుస్తుందనీ పెద్దాయన అంచనా. నూట యాభై. అందులోంచి మిల్లు నడిచినా ఆగినా తప్పని ఖర్చులు తీసేయాలి. గుమాస్తాను అడిగితే చిట్టా చూసి, మిల్లు ఖర్చు అరవై ఆరు లక్షలు అన్నాడు. పోను ఎనభై నాలుగు.

ఎనభై నాలుగు తొంభైకి కింద ఉంది. అప్పు తెస్తే షేరుకు ముప్పై ఒకటిన్నర, షేర్లు అమ్మితే ముప్పై మూడు. షేర్లే నయం అని రాసి, కింద సంతకం పెట్టాను. సంతకం ఎప్పటికన్నా కొంచెం పెద్దదిగా వచ్చింది.

*

సోమవారం సాయంత్రం నాలుగింటికి మీటింగు. పొద్దున్నే ఎల్లారెడ్డి పోయి, చెల్లెకు కాయితం అర్థం చేయించి, వెంట తీసుకొని రమ్మన్నాడు పెద్దాయన. మధ్యాహ్నం దుబాయి ఆయనకు మిల్లులోనే భోజనం, చెక్కు తెస్తున్నాడట. నేను కాలేజీకి సెలవు పెట్టి బస్సెక్కాను. లింగంపేట దాకా నిలబడే పోయాను. సీటు దొరికాక కాయితం తీసి మళ్లీ చూసుకున్నాను. కూడికలు తీసివేతలు అన్నీ సరిగానే ఉన్నాయి.

గిర్ని ముందు మిరపకాయల సంచులు వరుసగా ఉన్నాయి. ఆమె కొంగు మూతికి కట్టుకొని కారం పడుతోంది. నన్ను చూసి, ఈ వాయి అయిపోనీ అని సైగ చేసింది. నేను తుమ్ముతూ అరుగు మీద కూర్చున్నాను. చాయ్ తెచ్చింది. కాయితం చేతికిచ్చాను. ఆమె ఇంటరు చదివింది, కానీ అంకెల్ని చదివే తీరు వేరు. పైనుంచి కిందికి చదవదు. గిర్ని కరెంటు బిల్లు చదివినట్టు, తన జేబులోంచి పోయేదాని దగ్గర మొదలుపెడుతుంది.

"ఇంటి మిత్తి పద్దెనిమిది అని రాసిర్రు. నా పదిహేను లచ్చల మిత్తి ఇండ్లనే ఉన్నదా అన్నా?"

ఉందన్నాను. నెలకు ఇరవై రెండు వేల ఐదు వందలు ఆమెకు వచ్చేది ఇందులోంచే అన్నాను. తల ఊపింది. వేలు పైకి జరిపి, మిల్లు ఖర్చు అరవై ఆరు దగ్గర ఆపింది. అందులో ఏమేమి ఉన్నాయని అడిగింది. జీతాలు, కరెంటు మినిమం బిల్లు, మరమ్మతులు, బీమా, యంత్రాల తరుగుదల అని టకటకా చెప్పాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

"మా ఆయన ఉన్నప్పుడు అవన్నీ నలభై దాటకపోతుండె. ఆరేండ్లల్ల గంత పెరిగినయా?"

ధరలు పెరిగాయి చెల్లె అన్నాను. అన్నాక నాకే ఆ మాట నచ్చలేదు. ఒకసారి కనుక్కుందామని గుమాస్తాకు ఫోన్ చేశాను. అరవై ఆరును ముక్కలు ముక్కలుగా చదవమన్నాను. అతను తీరిగ్గా చదివాడు. జీతాలు పదహారు. తరుగుదల ఇరవై. కరెంటు ఐదు. మరమ్మతులు, బీమా, కాపలా కలిపి ఏడు. నేను వేళ్ల మీద కూడుకుంటున్నాను. నలభై ఎనిమిది. అప్పుడతను ఒక కాయితం తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఇంటి మిత్తి పద్దెనిమిది."

అది మిల్లు ఖర్చులో ఎందుకుందని అడిగాను. గొంతు మామూలుగానే ఉంచాననుకుంటాను. పెద్ద సావుకారి, అంటే మొదట్లో మిల్లు లెక్కలు రాయించిన పెద్దాయన తండ్రి, ఉన్నప్పటి నుంచీ అట్లనే రాస్తున్నామన్నాడు. ఇంటోళ్ల మిత్తి ఒకటో తారీఖు పొద్దుగాల జీతాలతోపాటే పంపాలె, ఆగితే ఇండ్లల్ల పంచాయితీ, అందుకని జీతాల కిందనే పడతది అన్నాడు. ఏమైంది సార్ అని అడిగాడు. ఏమీ కాలేదని ఫోన్ పెట్టేశాను.

అయిందేమిటంటే, ఎనభై నాలుగు అనేది వడ్డీకి ముందు లాభం కాదు. పాత మిత్తి అందులో ఒకసారి పోనేపోయింది. నేను దాన్ని తీసుకుపోయి, పాత మిత్తిని కూడా కలుపుకొని కట్టిన తొంభైతో పోల్చాను. పద్దెనిమిది లక్షల్ని రెండుసార్లు తీసేశాను. అసలు లాభం నూట రెండు. తొంభైకి కింద కాదు, పైన. అప్పు దారిలో నూట రెండులోంచి నలభై రెండు పోను అరవై, పన్ను పోను నలభై ఐదు, షేరుకు నలభై ఐదు రూపాయలు. షేర్ల దారిలో ఎనభై నాలుగు, పన్ను పోను అరవై మూడు, లక్షన్నర షేర్లకు నలభై రెండు. జవాబు తిరగబడింది. పరీక్షలో అయితే ఎనిమిదికి రెండు మార్కులు వేసేవాణ్ని, పద్ధతి తెలుసు కాబట్టి.

ఆమె మళ్లీ గిర్ని దగ్గరికి పోయింది. ఫోన్‌లో నా వైపు మాటలే విన్నది. ఆ చప్పుడులో అవీ సరిగా విని ఉండదు. నేను కాయితాన్ని మోకాలి మీద పెట్టుకొని కూర్చున్నాను. ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందని కూడా ఆలోచించాను. చెప్పకపోతే నా సంతకం నిలుస్తుంది. పెద్దాయన సంతోషిస్తాడు. ఇంకోటి, దాన్నే నేను ఎక్కువసేపు పట్టుకున్నాను: ఆమె చేను బ్యాంకుకు పోదు. నా తప్పు ఆమె మూడెకరాలను కాపాడుతోంది. దాని కోసం ఆమె కాదనే హక్కు పోతుంది, అంతే. ఇంత మర్యాదైన తప్పు నేను అంతకుముందు చేయలేదు.

మిరపకాయలు అయిపోయాయి. గిర్ని ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇంకేం మాట్లాడాలో తోచక, ఉన్నది చెప్పేశాను.

ఆమె అరుస్తుందేమోనని చూశాను. అరవలేదు. నూట రెండు అనేదాన్ని రెండుసార్లు పలికి చూసింది. తర్వాత అడిగింది, తొంభై రావాలంటే మిల్లు ఎన్ని నెలలు నడవాలె అని. తొంభైకి నలభై ఎనిమిది కలిపితే నూట ముప్పై ఎనిమిది, నెలకు పదిహేను చొప్పున తొమ్మిది నెలల ఆరు రోజులు అన్నాను. నేను లక్షల్లో ఇరవై రెండేళ్లు చెప్పినదాన్ని ఆమె రోజుల్లోకి మార్చుకుంది.

"మరి చేను ఉండాలంటే?"

ఆ ప్రశ్న మా పుస్తకంలో లేదు. తటస్థ బిందువు షేరుకు ఎంతొస్తుందో చెబుతుంది కానీ, కిస్తీ కట్టగలమో లేదో చెప్పదు. మొదటి ఏడు వడ్డీ ఒక్కటే. రెండో ఏడు నుంచి ఏటా సీజను చివర ఇరవై ఐదు లక్షల కిస్తీ. తరుగుదల ఇరవై లక్షలు లెక్కలో ఖర్చే కానీ చేతిలోంచి పోయే డబ్బు కాదు, అది కలుపుకోవచ్చు. కాబట్టి వడ్డీ, పన్ను పోను ఐదు లక్షలు మిగిలితే చాలు. అరుగు మీద సుద్దముక్కతో వేసి చూశాను. ఆరున్నర నెలలకు కొంచెం తక్కువ. ఆరున్నర అనుకుందాం అన్నాను.

ఆరు నెలలే నడిచిన ఏడు మా ఇద్దరికీ గుర్తుంది.

*

ఒంటిగంటన్నర బస్సు రాలేదు. రెండింటికి ఒక డీసీఎం వ్యాను డ్రైవరు మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ముందు సీట్లో ముగ్గురం, వెనక పసుపు బస్తాలు. నేను పెద్దాయనకు ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి, దీన్ని ఫోన్‌లో చెప్పడం బాగుండదని జేబులో పెట్టాను. బాగుండకపోవడమే కాదు, భయం కూడా వేసింది.

మిల్లు చేరేసరికి మూడున్నర. ఆఫీసు గదిలో దుబాయి ఆయన భోజనం చేసి, పళ్లలో పుల్ల పెట్టుకొని కూర్చున్నాడు. ముందు టేబుల్ మీద చెక్కుబుక్కు. నేను పెద్దాయనను లారీలు తూచే కాంటా గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాను. కొత్త అంకెలు చెప్పాను.

ఆయన కాంటా అద్దంలోకి చూస్తూ విన్నాడు. అక్కడ లారీ ఏదీ లేదు, సున్నా కనిపిస్తోంది.

"మొన్న ముప్పై మూడు మంచిదన్నవ్. ఇప్పుడు నలభై ఐదు మంచిదంటున్నవ్. నడుమ ఏమైంది సారూ, ఆమె చేతి చాయ్ తాగినవా?"

"తాగిన అన్నా. కని తప్పు చాయ్‌ది కాదు, నాది."

నవ్వలేదు. నీ ఫ్రెండు పెండ్లాం అని నువ్వు ఆమె దిక్కు తిరిగినవన్నాడు. అరవకుండా అన్నాడు, అదే ఇబ్బంది. జవాబు చెబితే ఇంకా అట్లాగే వినిపిస్తుంది. బదులుగా గుమాస్తాను పిలిచి, చిట్టా తెమ్మన్నాను. పెద్దాయన వేలు పట్టి చూపించాను. ఇదిగో మిల్లు ఖర్చులో మిత్తి. ఇదిగో నా కాయితంలో మళ్లీ మిత్తి. ఒక్కటే మిత్తి, రెండుసార్లు పోయింది.

గుమాస్తా మెల్లగా, పెద్ద సావుకారి రాయించిన పద్ధతే పటేలా అన్నాడు. తండ్రి మాట వచ్చేసరికి పెద్దాయన చిట్టా మూసేశాడు. కొంతసేపు ఆ సున్నానే చూశాడు. తర్వాత, ఈ సంగతి ఆమెకు తెలుసా అని అడిగాడు. ముందు ఆమెకే చెప్పానన్నాను.

"నాకు ముందు చెప్పకపోతివి?"

గిర్ని కాడనే తెలిసింది అన్నా, దగ్గర ఆమే ఉంది అన్నాను. అది నిజమే. కానీ మొత్తం నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

నాలుగింటికి మీటింగు మొదలైంది. పెద్దాయన, ఆయన భార్య, చెల్లె, పిలిచిన మీద దుబాయి ఆయన, రాసుకోవడానికి నేను. పెద్దాయన నా వైపు చూడకుండా, సారు ఒక మాట చెప్తడట అన్నాడు. లేచి నిలబడ్డాను. క్లాసులో అరవై మంది ముందు నిలబడే మనిషిని, ఆ నలుగురి ముందు టేబుల్ అంచు పట్టుకున్నాను. ముందు ఇచ్చిన కాయితం తప్పు అన్నాను. ఎట్లా తప్పో చెప్పాను. కొత్త కాయితం చదివాను. కింద పెట్టిన సంతకం ఈసారి చిన్నగా వచ్చింది.

దుబాయి ఆయన పుల్ల తీసి పక్కన పెట్టాడు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను, కానీ ఆయన అడిగింది మంచి ప్రశ్న.

"సార్, పది నెలలు మీరంటున్నరు. ఎనిమిదే నడిస్తే?"

ఎనిమిది నెలలైతే లాభం డెబ్బై రెండు, అన్నాను. తొంభైకి కింద. అప్పు దారిలో షేరుకు ఇరవై రెండున్నర, షేర్ల దారిలో ఇరవై ఏడు. అప్పుడు మీ దారే నయం. ఆయన తల ఊపి, అదే నేననేది అన్నట్టు పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన చెల్లె వైపు చూశాడు. మాట ప్రకారం కాయితం ఇప్పుడు అప్పు అంటోంది. కానీ ఎనిమిది నెలల మాట కూడా ఆ కాయితంలోదే. ఆమె ఒక్క మెలిక పెట్టి చేను కాపాడుకోవాలనుకుంటే, దారి ఉంది. నేను పెన్ను పట్టుకొని ఆగాను.

పెద్దాయన భార్య, చేను పోతే ఏం తింటవే అంది. బెదిరింపుగా కాదు, నిజంగానే అడిగింది.

చెల్లె కొంగు సర్దుకుంది. దానికింకా మిరప వాసన ఉంది.

"చేను పోతే, పోయినట్టు నాకు తెలుస్తది అక్కా. కాదనే హక్కు పోతే, ఎప్పుడు పోయిందో కూడ తెల్వది." పెద్దాయన వైపు తిరిగింది. "బావా, షేర్లకు నేను చెయ్యెత్తను. బ్యాంకు కాయితాలు ఏడున్నయో తియ్యుండ్రి, సంతకం చేస్త."

బయట ఒక లారీ వచ్చి కాంటా ఎక్కిన చప్పుడు వినిపించింది. పెద్దాయన చాలాసేపు చేతులు చూసుకున్నాడు. తర్వాత దుబాయి ఆయనకు దండం పెట్టాడు. ఆయన చెక్కుబుక్కు జేబులో పెట్టుకొని, భోజనం బాగుందమ్మా అని చెప్పి పోయాడు. పెద్దాయన గుమాస్తాను కేకేసి, చాయ్ పెట్టుమన్నాడు. చాయ్ వచ్చాక ఆయనకూ ఒక గ్లాసు అందింది. పట్టుకున్నాడు కానీ తాగలేదు.

*

మొదటి ఏడు మిల్లు తొమ్మిది నెలల ఎనిమిది రోజులు నడిచింది. వానకాలం వడ్లు బాగా వచ్చాయి, యాసంగివి తడిసి ఆలస్యమయ్యాయి. లాభం తొంభై ఒక లక్షలు. తటస్థ బిందువుకు రెండు రోజుల పైన. పన్ను పోను షేరుకు ముప్పై ఆరు రూపాయల డెబ్బై ఐదు పైసలు వచ్చాయి. దుబాయి ఆయన షేర్లు కొని ఉంటే ముప్పై ఆరున్నర వచ్చేది. తేడా పావలా. ఆమె ముప్పై వేల షేర్లకు ఏడు వేల ఐదు వందలు. నేను ఒక వారం నిద్ర పోగొట్టుకొని, ఒక మిల్లు నిండా మనుషులను ఉడికించి, ఒక చేనును బ్యాంకులో పెట్టించి తెచ్చిన మేలు అది.

పెద్దాయన ఆ కాయితం చూసి, పావలా కోసమా సారూ అన్నాడు. అప్పటి నుంచి నాతో మళ్లీ మామూలుగా ఉన్నాడు. ఆ ఏటి లెక్కల మీటింగులోనే ఇంకో సంగతి కూడా వచ్చింది. మిల్లుకు రోడ్డు వైపున్న ఎకరం జాగను అమ్మి బ్యాంకుకు కొంత తీర్చుదామని ఆయన ఆలోచన. మా కంపెనీ నియమాల్లో అలాంటిదానికీ డెబ్బై ఐదు వంతులు కావాలి. చెల్లె వద్దంది. వడ్లు ఆరబోసే జాగ అది, అమ్మితే వాన పడ్డప్పుడు ఏడ పోస్తం బావా అంది. అమ్మలేదు. నేను రిజిస్టరులో రాశాను.

ఇప్పుడు చిట్టాలో ఇంటి మిత్తికి వేరే పేజీ ఉంది. గుమాస్తాకు అది నచ్చలేదు. ఒకటో తారీఖు జీతాలతోపాటే పంపుతాడు కానీ, రాసేటప్పుడు మాత్రం పేజీ తిప్పి నిట్టూరుస్తాడు. కాలేజీలో నేను ఆ లెక్కను మార్చాను. లాభం ఇవ్వకుండా, చిట్టా పేజీ ఒకటి ఇచ్చి, కనుక్కోమన్నాను. సగం మంది పేపరు వదిలేశారు. ఒకమ్మాయి లేచి, సార్ ప్రశ్నలో లాభం ఇవ్వలేదు అంది. బయట కూడా ఇవ్వరమ్మా అన్నాను. ప్రిన్సిపాలు పిలిచి, సిలబస్‌లో ఉన్నట్టే ఇవ్వమని చెప్పాడు.

కిస్తీ ఈ ఏడు మొదలవుతుంది. చెల్లె చేను పాసుపుస్తకం బ్యాంకులోనే ఉంది. ప్రతి నెలా ఒకటో తారీఖు, మిత్తి పడ్డ మెసేజీ రాగానే చెల్లె నాకు ఫోన్ చేస్తుంది. మిత్తి గురించి కాదు. వెనక గిర్ని చప్పుడు వినిపిస్తుంటుంది.

మొన్న ఒకటిన కూడా చేసింది.

"ఎన్ని దినాలైంది అన్నా?"

ఆరు నెలల పదకొండు రోజులు అన్నాను. కాంటా రిజిస్టరు చూసి చెప్పాను, గుమాస్తాను అడగలేదు. యాసంగి వడ్లు ఇంకా రోడ్డెక్కలేదన్న సంగతి కూడా చెప్పాను.

గిర్ని ఆపిన చప్పుడైంది.

"ఆరున్నరకు ఇంక నాలుగు," అంది.